గెలిచిన ఆ నలుగురు పిల్లలు: ఆటిజం, ‘గోలీ–బుట్ట’ పరీక్ష కథ

మయసభ ఘట్టం మనందరికీ తెలిసినదే. నీరున్న చోట నేల అనుకుని దుర్యోధనుడు ముందుకు అడుగు వేస్తాడు. అతడు పడబోతున్నాడని చూసేవారికి ముందే తెలుసు. అక్కడ నీరుందని వారికి తెలియడం వల్ల మాత్రమే అది సాధ్యం కాదు. దుర్యోధనుడికి ఆ సంగతి తెలియదనీ, అతడు తన నమ్మకం ప్రకారమే నడుస్తాడనీ కూడా వారు గ్రహించాలి. ఎదుటివాడి మనసులో ఉన్న నమ్మకం మన నమ్మకం కంటే వేరుగా ఉండవచ్చునని, ఆ నమ్మకం తప్పయినా అతడి నడత దానినే అనుసరిస్తుందని తెలుసుకునే ఈ శక్తిని మనస్తత్వ శాస్త్రంలో ‘థియరీ ఆఫ్ మైండ్’ అంటారు.

“ఆటిజం ఉన్న పిల్లలకు ఈ శక్తి ఉండదు, అందుకే వారికి ఎదుటివారి బాధ పట్టదు” అనే మాట నేటికీ వినబడుతూ ఉంటుంది. తిరువూరు నుంచి విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు కొందరు ఈ మాటను గుండెల్లో మోసుకుని తిరిగి వస్తారు. ఇందులో సగం ఒక ప్రసిద్ధ ప్రయోగం నుంచి పుట్టింది. మిగతా సగం ఆ ప్రయోగం ఎన్నడూ చెప్పనిది. ఏది ఏదో తెలియాలంటే ఆ ప్రయోగం చరిత్ర తెలుసుకోవాలి.

ప్రశ్న ఎలా పుట్టింది?

1978లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రేమాక్, వుడ్రఫ్ ఒక చింపాంజీపై చేసిన పరిశోధనను ప్రచురిస్తూ, చింపాంజీకి ఎదుటివారి మనసు గురించిన ఎరుక ఉందా అని ప్రశ్నించారు. దానిపై వ్యాఖ్యానించిన తత్త్వవేత్తలు ఒక సూక్ష్మమైన అభ్యంతరం తెలిపారు. ఎదుటివాడి నమ్మకం నిజమైనదే అయితే, అతడు ఏమి చేస్తాడో చెప్పడానికి అతడి మనసు తెలియనక్కరలేదు, లోకం తీరు తెలిస్తే చాలు. కాబట్టి ఎదుటివాడి నమ్మకం తప్పయిన సందర్భంలోనే పరీక్షించాలి అన్నారు.

ఆస్ట్రియాకు చెందిన విమ్మర్, పెర్నర్ 1983లో ఈ సూచనను పిల్లల కథగా మలిచారు. మాక్సీ అనే బాలుడు చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి ఆటకు వెళతాడు. అతడు లేనప్పుడు తల్లి దానిని వేరే అలమారలోకి మారుస్తుంది. మాక్సీ తిరిగి వచ్చి ఎక్కడ వెదుకుతాడు? మూడేళ్ళ పిల్లలు సాధారణంగా చాక్లెట్ నిజంగా ఉన్న చోటునే చూపారు. నాలుగేళ్ళు దాటాక క్రమంగా సరైన జవాబు రావడం మొదలైంది.

1985: లండన్ ప్రయోగం

సైమన్ బారన్–కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ఈ కథను సరళం చేసి, లండన్‌లో ఆటిజం ఉన్న పిల్లలకు బొమ్మలతో ఆడి చూపించారు. శాలీ అనే బొమ్మ తన గోలీని బుట్టలో పెట్టి బయటికి వెళుతుంది. ఆన్ అనే బొమ్మ ఆ గోలీని తీసి పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగి వస్తుంది. “శాలీ గోలీ కోసం ఎక్కడ వెదుకుతుంది?” అన్నది అసలు ప్రశ్న. దానికి తోడు మరో రెండు ప్రశ్నలు ఉన్నాయి: “గోలీ నిజంగా ఎక్కడుంది?”, “మొదట ఎక్కడ ఉండేది?” ఈ రెండింటికీ సరిగా చెప్పిన పిల్లవాడికి కథ అర్థమైంది, గుర్తూ ఉంది. అప్పుడే అసలు ప్రశ్నకు ఇచ్చిన జవాబుకు విలువ ఉంటుంది.

ఇందులో మూడు గుంపులు పాల్గొన్నాయి. సుమారు నాలుగున్నరేళ్ళ మామూలు పిల్లలు 27 మంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు 14 మంది, ఆటిజం ఉన్న పిల్లలు 20 మంది. ఆటిజం గుంపు సగటు వయస్సు దాదాపు పన్నెండేళ్ళు. భాషాపరంగా వారి స్థాయి అయిదున్నరేళ్ళ పిల్లలది. డౌన్ సిండ్రోమ్ పిల్లల భాషాస్థాయి దాదాపు మూడేళ్ళే. తోడు ప్రశ్నలకు అందరూ సరిగానే చెప్పారు. అసలు ప్రశ్నకు మామూలు పిల్లల్లో 23 మంది, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 12 మంది “బుట్టలో” అన్నారు. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది గోలీ నిజంగా ఉన్న పెట్టెను చూపించారు.

ఈ ఫలితానికి అంత పేరు రావడానికి కారణం డౌన్ సిండ్రోమ్ గుంపే. బుద్ధి వికాసంలో వెనుకబడిన పిల్లలే గెలిచినప్పుడు, ఆటిజం పిల్లల ఓటమికి మందబుద్ధి కారణమనడం కుదరదు. సాంఘిక విషయాల్లోనే ఏదో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని తేలింది. తరువాతి సంవత్సరాల్లో జరిగిన ఫోటో పరీక్షలు దీనిని బలపరిచాయి. ఒక వస్తువును ఫోటో తీసి, ఆ ఫోటో చూపకముందే వస్తువు చోటు మార్చి, “ఫోటోలో అది ఎక్కడుంటుంది?” అని అడిగితే ఆటిజం ఉన్న పిల్లలు చక్కగా చెప్పగలిగారు. పాతబడిన చిత్రాన్ని ఊహించగలరు. పాతబడిన నమ్మకాన్ని ఊహించడమే వారికి కష్టమైంది.

మరి ఆ నలుగురి సంగతి?

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 20 మందిలో 16 మంది తప్పితే నలుగురు నెగ్గారు. వారికీ ఆటిజమే. ప్రయోగం చేసినవారు ఈ సంగతిని దాచలేదు. అయినా లోకానికి 16 మందే గుర్తుండిపోయారు. తరువాతి నలభై ఏళ్ళ పరిశోధనలో చాలా భాగం ఆ నలుగురిని అర్థం చేసుకోవడానికి చేసిన ప్రయత్నమే అనవచ్చు.

మొదటి జవాబు భాష నుంచి వచ్చింది. ఫ్రాన్సెస్కా హాపే 1995లో అనేక పరీక్షల ఫలితాలను కూర్చి చూశారు. మామూలు పిల్లల్లో సగం మంది నెగ్గేందుకు నాలుగేళ్ళ భాషాస్థాయి చాలింది. ఆటిజం పిల్లల్లో సగం మంది నెగ్గడానికి తొమ్మిదేళ్ళ పైబడిన భాషాస్థాయి కావలసి వచ్చింది. అంటే ఆ శక్తి అసలే లేదనడం సరికాదు. అది ఆలస్యంగా, బహుశా వేరే దారిలో వస్తుంది. ఇతరులు చూపుతోనే పసిగట్టేదానిని వీరు మాటలతో తర్కించి చేరుకుంటారు కాబోలు. ఈ ఊహకు తగినట్లే, మాటల పరీక్షలో నెగ్గిన పెద్దవారు కొందరు, మాటలు లేకుండా చూపించిన కథలో పాత్ర ఎటు వెళుతుందో ముందుగా అటు చూపు తిప్పలేదని 2009లో ఒక బృందం చూపింది. అయితే ఈ కంటిచూపు పద్ధతి తరువాత అన్ని ప్రయోగశాలల్లోనూ ఒకే రకమైన ఫలితం ఇవ్వలేదు. కనుక దానిపై ఎక్కువ బరువు మోపరాదు.

రెండవ జవాబు బధిర పిల్లల నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ 1995లో, వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టి ఆలస్యంగా సంజ్ఞాభాష నేర్చిన బధిర పిల్లలకు ఇదే పరీక్ష పెట్టారు. వారిలో ఎక్కువమంది ఓడిపోయారు. వారికి ఆటిజం లేదు. తల్లిదండ్రులు కూడా బధిరులై, పుట్టినప్పటినుంచీ ఇంట్లో సంజ్ఞాభాష ఉన్న పిల్లలు మాత్రం మామూలు పిల్లలతో సమానంగా నెగ్గుతారని తరువాత తేలింది. “నేను అలా అనుకున్నాను”, “వాడికి తెలియదు పాపం” వంటి మాటలు రోజూ ఇంట్లో నడుస్తుంటేనే ఎదుటి మనసు గురించి పిల్లలు నేర్చుకుంటారు. ఈ పరీక్షలో ఓడిపోవడం ఆటిజానికి రుజువు కాదు. నెగ్గడం ఆటిజం లేదనడానికీ రుజువు కాదు.

తెలుగింట్లో ఈ పరీక్ష

ఈ పరీక్షను వీడియోల్లో చూసి ఇంట్లో పిల్లలకు పెట్టేవారున్నారు. వారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది మాటకు సంబంధించినది. “సీత ఎక్కడ చూస్తుంది?” అని అడిగితే, బొమ్మ మొహం ఎటు తిరిగి ఉందో ఆ వైపు చూపే పిల్లలుంటారు. “గోలీ కోసం ముందుగా ఎక్కడ వెదుకుతుంది?” అనాలి. ‘ముందుగా’ అన్న ఒక్క మాట చేర్చితే మూడేళ్ళ పిల్లలు కూడా మెరుగ్గా జవాబిస్తారని 1991లోనే తేలింది. ఆ మాట లేకపోతే, “వెదికి వెదికి చివరికి ఎక్కడ దొరుకుతుంది?” అని అడుగుతున్నారని పిల్లలు అనుకోవచ్చు. రెండవది లెక్కకు సంబంధించినది. చోట్లు రెండే కనుక, ఏమీ అర్థం కాని పిల్లవాడికి కూడా సగం అవకాశం ఉంటుంది. ఒక్కసారి వచ్చిన జవాబుతో, అదీ తోడు ప్రశ్నలు అడగకుండా, ఏ నిర్ణయానికీ రాకూడదు.

మన దేశంలో ఆటిజం వైకల్య ధ్రువీకరణకు వాడే కొలమానం ఇలాంటి బొమ్మల పరీక్ష కాదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించగా 2009లో వెలువడిన ఐఎస్‌ఏఏ స్కేల్‌లో 40 అంశాలున్నాయి. కళ్ళలోకి చూస్తాడా, వంతులవారీగా ఆడగలడా, తోటి పిల్లలతో కలుస్తాడా, మాట, చేతలు, స్పర్శ, శబ్దాల పట్ల తీరు ఎలా ఉన్నాయి అన్నవి అందులోని విషయాలు. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదని అర్థం. అది పిల్లవాడి రోజువారీ నడతను కొలుస్తుంది. గోలీ ఎక్కడుందన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

నమ్మకం వేరు, జాలి వేరు

ఇక “బాధ పట్టదు” అన్న మాట. శాలీ పరీక్ష కొలిచేది ఎదుటివాడు ఏమి అనుకుంటున్నాడో చెప్పగలగడాన్ని. ఎదుటివాడి బాధకు మనసు కదలడం వేరు విషయం. బ్రిటన్‌కు చెందిన బ్లెయిర్ 1999లో, బాధలో ఉన్నవారి చిత్రాలను ఆటిజం ఉన్న పిల్లలకు చూపి, చర్మంలో కలిగే విద్యుత్ మార్పును కొలిచారు. వారి శరీరం మిగతా పిల్లల శరీరం వలెనే స్పందించింది. తల్లి ఏడుస్తుంటే దగ్గరికి రాని పిల్లవాడికి ఆ ఏడుపు తాకలేదని చెప్పలేము. ఎందుకు ఏడుస్తోందో, తాను ఏమి చేయాలో తోచకపోవచ్చు.

మరొక సవరణ ఆటిజం ఉన్నవారి నుంచే వచ్చింది. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో, అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు నుంచే ఉండదని, వారి మనసు మనకూ అంతుపట్టదని వాదించారు. 2020లో క్రాంప్టన్ బృందం ఒక కథను ఒకరి చెవి నుంచి మరొకరికి వరుసగా చెప్పించింది. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలో, ఎవరికీ ఆటిజం లేని వరుసలో కథ సమానంగా నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరుసలోనే ఎక్కువగా జారిపోయింది.

కాబట్టి తల్లిదండ్రులు ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. “నాన్న తాళాలు బల్ల మీద ఉన్నాయనుకుంటున్నాడు, నేను అలమారలో పెట్టానని ఆయనకు తెలియదు” వంటి మాటలను పైకి, నిదానంగా చెబుతూ ఉండండి. ఎదుటి మనసును పిల్లవాడు మాటల దారిలో చేరుకునేవాడైతే, ఆ దారి పరిచేవి ఇవే. ఇక సందేహం వస్తే బొమ్మలతో పరీక్షిస్తూ నాలుగో ఏడు వచ్చేదాకా ఆగవద్దు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నర దాటినా చందమామనో కాకినో వేలితో చూపి మీ మొహం వైపు చూడకపోయినా, ముందు వినికిడి పరీక్ష చేయించి, పిల్లల వైద్యునికి లేదా జిల్లా స్థాయి ప్రభుత్వ డీఈఐసీ కేంద్రంలో చూపించండి.