మధ్యమం మీద ఎందుకు నిలవకూడదు

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు చర్చి కాయిర్లలో కీబోర్డు వాయించే కుర్రాళ్లకి ఒక చిక్కు బాగా తెలుసు. కీర్తన శంకరాభరణంలో సాగుతుంటుంది. పాడేవాళ్లు శుద్ధ మధ్యమం మీద హాయిగా నిలుస్తారు. ఆ సమయానికి వాయించేవాడి ఎడమచేయి సి మేజర్ మీద, అంటే స గ ప మీద, ఉంటుంది. గొంతు అపశ్రుతి పోలేదు, చేయి తప్పు మెట్టు నొక్కలేదు. అయినా ఆ నాలుగు క్షణాలూ చెవిలో ఏదో గీసుకున్నట్టు ఉంటుంది. అనుభవం ఉన్నవాడు "అక్కడ ఆగకురా, దాటెయ్" అంటాడు. ఎందుకు ఆగకూడదో మాత్రం చాలామంది చెప్పలేరు. చెప్పలేకపోవడంలో తప్పేమీ లేదు. ఆ జవాబు కుదురుకోవడానికి యూరప్ వాళ్లకే సుమారు 250 ఏళ్లు పట్టింది.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఒకటో శ్రుతిలో హార్మోనియం ముందు కూర్చుంటే గాంధారం, మధ్యమం పక్కపక్కన ఉండే తెల్లమెట్లు. వాటి మధ్య నల్లమెట్టు లేదు. రెండూ కలిపి నొక్కి చూడండి, ఆ ఒరిపిడి అక్కడే తెలిసిపోతుంది. తంబురాలో మోగేవి షడ్జమం, పంచమం. గాంధారం అందులో తీగగా లేదు (అనునాదంగా లీలగా వినిపించేది వేరే సంగతి). అందుకే తంబురా పక్కన మధ్యమం ఎంతసేపు నిలిచినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. కార్డు వచ్చేసరికి కింద గాంధారం గట్టిగా మోగుతుంది. పైన మధ్యమం నిలిస్తే రెండూ రాసుకుంటాయి. ఇంకో సంగతి కూడా ఉంది. తంబురా పాట పొడుగునా మారదు కాబట్టి ఏ స్వరానికి ఎంత విశ్రాంతో రాగమే చెబుతుంది. కార్డు మాత్రం అయిదారు క్షణాలకొకసారి మారిపోతుంది. దాంతోపాటు స్వరాల హోదా కూడా మారుతుంది.

ఏ స్వరం ఎక్కడ నిలవవచ్చో మొదట పద్ధతిగా కాగితం మీద పెట్టినవాళ్లలో ముఖ్యుడు టింక్టోరిస్. నేపుల్స్ రాజాస్థానంలో ఉన్న ఈ పండితుడు 1477లో ఒక పుస్తకం రాశాడు. అప్పటికి కార్డు అన్న ఊహే లేదు. రెండు మూడు గొంతులు వేర్వేరు బాణీలు కలిపి పాడుతుంటే ఏవి కలుస్తాయి, ఏవి గొడవపడతాయి అన్నదే ఆయన ప్రశ్న. గొడవపడే స్వరాలని నిషేధించలేదు, వాటికి చోటు చూపించాడు: ముందే సిద్ధం చేస్తే తప్ప బరువైన దెబ్బ మీద పడకూడదు, పొట్టిగా ఉండాలి, పక్క స్వరం నుంచి వచ్చి పక్క స్వరానికే పోవాలి. ఇవాళ పాసింగ్ నోట్ అని మనం అంటున్నదానికి పునాది ఇదే. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ తీర్పు స్వరం మీద కాదు, దాని నడక మీద. ఎక్కడ పడింది, ఎంతసేపు ఉంది, ఎటు పోయింది అన్న మూడు ప్రశ్నలే.

ఆ పద్ధతి వందేళ్లు పైగా బాగానే నడిచింది. తర్వాత మోంటెవెర్ది అనే ఇటలీ కుర్రవాడు దాన్ని కావాలని మీరాడు. 1600లో అర్తూసి అనే పండితుడు ఆయన పేరు చెప్పకుండానే ఆయన బాణీలని ఎత్తిచూపి ఒక పుస్తకంలో దుమ్మెత్తిపోశాడు. అందులో బాగా తగువైన చోటు ఒకటుంది. కింది గొంతు ఉన్న స్వరాన్ని షడ్జమం అనుకుందాం. పై గొంతు మౌనంగా ఉండి, ఒక్కసారిగా పై స్థాయి చతుశ్రుతి రిషభంలో ప్రవేశిస్తుంది. అది షడ్జమానికి దిగితే పండితుడు ఊరుకునేవాడేమో. దిగకుండా షడ్జమాన్ని దాటి కైశికి నిషాదం మీదికి దూకుతుంది. ముందు సిద్ధం చేయలేదు, పక్కకి నడవలేదు, మీదుమిక్కిలి దిగిన చోటు కూడా గొడవ స్వరమే. మోంటెవెర్ది 1605లో ఆ పాటలని అచ్చువేస్తూ, తనది ఇంకో పద్ధతి అని ముందుమాటలో బదులిచ్చాడు. ప్రియురాలి క్రూరత్వం గురించిన పాటలో ఆ స్వరం గుచ్చుకోవాలనే పెట్టాడు మరి. నా మటుకు నాకు అర్తూసి మీద జాలి కలుగుతుంది. ఆయన చెవి సరిగ్గానే విన్నది. అది పొరపాటు కాదు, ఉద్దేశం అని మాత్రం ఒప్పుకోలేకపోయాడు.

ఇంతవరకూ కొలత ఒక గొంతుకీ ఇంకో గొంతుకీ మధ్యే. మూడు స్వరాల ముద్దని ఒకే వస్తువుగా చూసి, దానికి ఒక మూలస్వరం ఉందని సిద్ధాంతం కట్టినవాడు రామో. చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ బతికిన ఈ ఫ్రెంచివాడి పుస్తకం 1722లో ప్యారిస్‌లో వెలువడింది. స గ ప అని వాయించినా, గ ప స అని వాయించినా, ప స గ అని వాయించినా అది ఒకటే కార్డు, దాని వేరు షడ్జమమే అన్నాడు. ఇవాళ వినడానికి ఇది చాలా మామూలు మాట. కానీ దీని తర్వాతే ఒక స్వరాన్ని చూసి "ఇది ఈ కార్డులోది, ఇది కాదు" అని చెప్పడం తేలికయింది. టింక్టోరిస్ నడక నియమం, రామో కార్డు ఒకదానికొకటి తగిలాకే కార్డు స్వరం, పాసింగ్ నోట్ అన్న జంట పూర్తయింది.

ఇది మన వైపు ఎలా వచ్చిందన్నది వేరే కథ. మొదటి జాడ మద్రాసులో కనిపిస్తుంది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. అవే నోటుస్వరాలు. బ్రిటిష్ జాతీయగీతం బాణీ కూడా వాటిలో ఉంది. ఈ నోటుస్వరాల్లో చాలాచోట్ల బాణీ స గ ప ల మీద గెంతుతూ పోతుంది. కార్డు పక్కన మోగకపోయినా బాణీలోనే దాక్కుని ఉంటుందన్నమాట.

తర్వాత 1842. ఆ ఏడే ప్యారిస్‌లో దెబాఁ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు, ఆ ఏడే హేయర్ దొర గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఆంధ్రా ప్యారిస్ అనిపించుకునే తెనాలివాళ్లు ఈ కాకతాళీయాన్ని చూసి నవ్వుకోవచ్చు. మిషన్లు తెనాలి, రేపల్లె దాకా వచ్చాయి. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ స్థిరపడ్డారు. వాళ్లతోపాటు నాలుగు గొంతుల పాశ్చాత్య కీర్తనలు వచ్చాయి, వాటిని వాయించే కాలి హార్మోనియం వచ్చింది. గాలి కాలితో కొడతారు కాబట్టి రెండు చేతులూ ఖాళీ. కుడిచేతికి బాణీ, ఎడమచేతికి కార్డు.

1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో గాలి కొట్టే పెట్టె తయారుచేశాడు. నేల మీద కూర్చునే మనవాళ్లకి అది అమరిపోయింది. అయితే ఎడమచేయి తిత్తికి అంకితమైపోయింది, దాంతో కార్డు పెట్టెలోంచి జారిపోయింది. నాటకాలకి పేరుబడ్డ తెనాలిలో హార్మోనిస్టుది పెద్ద హోదా. కానీ పద్యం రాగం మీద నడుస్తుంది, కార్డు మీద కాదు. కాలిపెట్టె ఉన్నచోట కూడా రెండో చేయి చాలావరకు బాణీనే బలపరిచేది. అలా కార్డు వ్యవహారం ఎక్కువగా చర్చిలోను, తర్వాత సినిమా రికార్డింగు హాల్లోను ఉండిపోయింది. 1980ల నుంచి కాసియో, యమహా కీబోర్డులు వచ్చి, ఎడమచేతి వేలితో కార్డు వేస్తే తాళం దానంతటదే మోగడం మొదలయ్యాక చిక్కు ఊరూరికీ చేరింది.

ఇక ఒక బాణీ కట్టి చూద్దాం. ఒకటో శ్రుతి, నాలుగు దెబ్బలకి ఒక కార్డు. కార్డులు వరుసగా సి మేజర్ (స గ ప), ఎ మైనర్ (ద స గ), ఎఫ్ మేజర్ (మ ద స), జి మేజర్ (ప ని రి). ముందు ప్రతి కార్డు మొదటి దెబ్బకీ ఆ కార్డులోని స్వరం ఒకటి పెట్టుకోవాలి. నేను గ, ద, ద, రి తీసుకుంటున్నాను. తర్వాత మధ్య ఖాళీలు నింపాలి. జంటగా రాసినవి ఒక దెబ్బలో రెండు.

గ – గమ – ప – ప
ద – దని – స – సని
ద – దప – మ – మగ
రి – రిగ – రి – ని

రెండో వరుసలో స పై స్థాయిది, నాలుగో వరుస చివరి ని మంద్రంలోది. ఆ తర్వాత షడ్జమానికి చేరి ఆగుతుంది.

మొదటి వరుసలో మధ్యమం దెబ్బ రెండో సగంలో మెరిసి పంచమానికి పోయింది. అది పాసింగ్ నోట్. మూడో వరుసలో అదే మధ్యమం దెబ్బ మీద దర్జాగా నిలిచింది, ఎందుకంటే అప్పుడు కింద ఎఫ్ మేజర్ ఉంది. మొదటి వరుసలో సొంతింట్లో ఉన్న పంచమం మూడో వరుసలో దారిన పోయేదయింది. నాలుగో వరుసలో గాంధారం రిషభం నుంచి పైకి పోయి మళ్లీ రిషభానికే వచ్చింది, కాబట్టి అది దాటే స్వరం కాదు, పక్కింటికి వెళ్లొచ్చే స్వరం. నియమం మాత్రం ఒకటే, దెబ్బ మీద పడకుండా పక్క మెట్టుకే నడవాలి.

ఇప్పుడు మొదటి వరుసని చెడగొడదాం. "మ – మగ – ప – ప" అనండి. స్వరాలు దాదాపు అవే, కానీ మొదటి దెబ్బ మీదే మధ్యమం పడి దెబ్బన్నర సేపు గాంధారంతో రాసుకుంది. బాణీలో ఎక్కడ తప్పిందో తెలియకపోతే వేగం సగానికి తగ్గించి, ప్రతి దెబ్బ మీదా ఒక్క క్షణం ఆగండి. ఆగలేక వేలు పక్కమెట్టుకి జారాలనిపించిన చోటే అసలు చోటు.

భయపడి కార్డు స్వరాలే వాడినా బాగుండదు. గ స గ ప, ద గ ద స అంటూ పోతే బాణీ బ్యాండుమేళం బాకా అయిపోతుంది. గొడవ స్వరాలన్నీ ఒకే రకంగా గుచ్చవు కూడా. సి మేజర్ మీద ధైవతం, రిషభం కాసేపు నిలిచినా మెత్తగానే ఉంటాయి, కార్డులో ఏ స్వరానికీ అవి అరమెట్టు దూరంలో లేవు కాబట్టి. మధ్యమమే కరుకు. ఆ కరుకుదనం కావాలంటే దాన్నే దెబ్బ మీద పెట్టి, వెంటనే గాంధారానికి దించవచ్చు. సినిమా పాటల్లో విరహానికి ఈ పని తరచుగా చేస్తారు. దించకుండా వదిలేస్తే మాత్రం అది తప్పులాగే వినిపిస్తుంది.

కొత్త బాణీ కట్టేటప్పుడు ఇదంతా మన చేతిలో పని. పాత కీర్తన సంగతి వేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా బాణీలు రాగాల మీద కట్టినవి. వాటిలో మధ్యమం నిలిచే చోట నిలవాల్సిందే, గాంధారం మధ్యమం మీదికి ఊగే గమకం ఊగాల్సిందే. కార్డుకి అడ్డమొస్తుందని పాడేవాళ్లని తొందరపెట్టి ఆ స్వరాన్ని దాటించకండి. ఎడమచేతిని ఎఫ్ మేజర్‌కి మార్చండి. అది కుదరకపోతే గాంధారం వేలు ఎత్తేసి స మ ప పట్టుకోండి. అదీ కుదరకపోతే స ప మాత్రమే ఉంచండి.