మోసం బయటపడ్డాక కలిసి ఉండాలా, విడిపోవాలా?

జీవిత భాగస్వామికి వేరే వాళ్లతో సంబంధం ఉందని తెలిసిన రోజే ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. ఒకరు 'వదిలెయ్' అంటారు, ఇంకొకరు 'పిల్లల మొహం చూసి సర్దుకో' అంటారు. రెండూ తొందర మాటలే. ఆ రోజు తేలింది మోసం జరిగిందని మాత్రమే. ఎన్నాళ్లుగా జరిగింది, నిజంగా ఆగిపోయిందా అన్నది ఇంకా తెలియదు. అది తెలియకుండా తీసుకున్న నిర్ణయం తర్వాత నిలబడదు.

మొదటి వారాలు

ఈ వారాల్లో పెళ్లి గురించి తేల్చకపోయినా ఫర్వాలేదు. వేరే గదిలో పడుకోవచ్చు, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండొచ్చు. శారీరక సంబంధం జరిగి ఉంటే ఇద్దరూ హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. కోపంలో ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పేస్తే 2019 చట్టం ప్రకారం అది చెల్లదు, పైగా మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ముందు క్షేమంగా బయటపడాలి. మహిళల హెల్ప్‌లైన్ నంబర్ 181.

నిజం ఒకేసారి రావాలి

ఒక జంట ఉందనుకుందాం. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్తకు తనతో పనిచేసే ఆవిడతో ఏడు నెలలుగా సంబంధం ఉంది. దొరికిన రోజు 'మెసేజ్‌లే, ఇంకేం లేదు' అన్నాడు. పది రోజులకు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆవిడకు పంపిన నలభై వేలు కనిపించాయి. ఇంకో వారానికి హోటల్ బిల్లు దొరికింది. భార్యకు ప్రతిసారీ అదే మొదటి రోజు అయింది. చాలా ఇళ్లలో పెళ్లి విరిగేది తప్పు దగ్గర కాదు, ఇలా విడతలుగా బయటపడే అబద్ధాల దగ్గరే.

అందుకే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఒకే కూర్చోవడంలో అడగాలి. ఎప్పుడు మొదలైంది, ఎంతవరకు వెళ్లింది, డబ్బు ఎంత పోయింది, ఇంకెవరికి తెలుసు, ఎప్పుడు ఆగింది అన్నవి చాలు. పడకగది వివరాలు అడిగితే అవి కళ్ల ముందు తిరుగుతూనే ఉంటాయి తప్ప నిర్ణయానికి పనికిరావు.

ఈ మాటలకు పదిహేను మందిని పిలవొద్దు. సూరా అన్‌నిసా 35వ ఆయత్ చెప్పిందీ అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు అనే. ఈ జంటకు ఆమె మామూ, అతని ఖాలా కూర్చున్నారు.

ఆరు నెలల గడువు

వాళ్లు నాలుగు ఒప్పుకున్నారు. సంబంధం తెంచేస్తున్నానని భార్య ముందే ఆవిడకు మెసేజ్ పెట్టాలి. వేరే బ్రాంచికి మారాలి. నెలనెలా బ్యాంకు లెక్క చూపించాలి. ఆరు నెలలు ఫోన్‌కు లాక్ ఉండకూడదు. మోసపోయినవాళ్లు దొంగచాటుగా ఫోన్ వెతకడం వేరు, తప్పు చేసినవాళ్లే తెరిచి చూపించడం వేరు. సూరా అల్‌హుజురాత్ 12వ ఆయత్ గూఢచర్యం వద్దంటుంది. వెతుకుతూ పోతే అనుమానం పెరుగుతుందే గానీ నమ్మకం రాదు.

వారానికి ఒకసారి, జుమా రోజు ఇషా తర్వాత అరగంట, ఆమె అడగాలి, అతను జవాబు చెప్పాలి. మిగతా రోజుల్లో అదే గొడవ లేవనెత్తకూడదు.

మార్పు ఎలా తెలుస్తుంది? మూడో నెలలో ఆవిడ ఫోన్ చేసింది. భార్య అడగకముందే అతను ఆ సాయంత్రం వచ్చి చెప్పాడు. పనికొచ్చే గుర్తు అదే. 'ఇంకా ఎన్నాళ్లు సాగదీస్తావ్', 'నువ్వు సరిగ్గా ఉంటే నేనెందుకు వెళ్తాను' అనే మాటలు వస్తుంటే మాత్రం తౌబా నోటి వరకే ఉందని అర్థం.

చివరి ప్రశ్న

ఆరో నెలలో మామూ ఆమెను ఒంటరిగా అడిగాడు: 'బేటీ, పిల్లలు, బంధువులు, ఖర్చులు ఇవన్నీ కాసేపు పక్కన పెట్టు. ఇప్పుడున్న ఈ మనిషితో బతకాలని ఉందా?' ఆమె ఉందంది. 'కానీ మునుపటి నమ్మకం లేదు, కొత్తది కొంచెం ఉంది' అంది. ఫోన్ షరతు తీసేశారు, బ్యాంకు లెక్క ఉంచుకున్నారు.

ఆమె 'లేదు' అన్నా తప్పయ్యేది కాదు. క్షమించడం వేరు, కలిసి ఉండటం వేరు. అతను అన్నీ సరిగ్గా చేసినా ఆమెకు మనసు రాకపోవచ్చు. ఖులా ఉన్నది అలాంటి వాళ్ల కోసమే, సాధారణంగా మహర్ వదులుకోవాల్సి ఉంటుంది. భర్తే విడిపోవాలనుకుంటే ఒక్క తలాక్ చెప్పి ఇద్దత్ గడవనివ్వాలి. ఆ లోపు మనసు మారితే కలిసిపోయే దారి తెరిచే ఉంటుంది.

పోలీసు కేసు పెడితే దారికొస్తాడని కొందరు అనుకుంటారు. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు 497 సెక్షన్ కొట్టేసింది. ఇప్పుడు వివాహేతర సంబంధం ఒక్కటే నేరం కాదు. భయపెట్టి నిలబెట్టిన కాపురంలో నమ్మకం ఎలాగూ తిరిగి రాదు.