స్కోరు పట్టికలో 35 ఏళ్లు నిలిచిన 5.51 సెకన్లు

వీడియో ఆట పూర్తికాగానే తెరపై పేర్లు, అంకెలతో ఒక పట్టిక కనిపిస్తుంది. అందులో మొదటి స్థానం ఎవరిదో, ఏ లెక్కన వచ్చిందో మనం పెద్దగా ఆలోచించం. పైకి చూస్తే అది అంకెలను వరుసలో పెట్టడమే. పాయింట్ల ఆటలో పెద్ద అంకె పైకి వెళుతుంది, పందెంలో తక్కువ సమయం పైకి వెళుతుంది. ఇద్దరికి ఒకే అంకె వస్తే కొన్ని పట్టికలు ఇద్దరికీ ఒకే స్థానం ఇచ్చి తరువాతివానికి మూడవ స్థానం ఇస్తాయి. మరికొన్ని ముందుగా సాధించినవాని పేరు పైన ఉంచుతాయి. ఇదంతా కంప్యూటర్‌కు సులువు. కష్టమంతా, వచ్చిన అంకె నిజంగా ఆటలో పుట్టిందా లేదా అని తేల్చడంలో ఉంది. ఈ కష్టానికి మంచి ఉదాహరణ డ్రాగ్‌స్టర్ అనే చిన్న ఆట చరిత్ర.

1980లో అమెరికాలోని యాక్టివిజన్ సంస్థ అటారీ 2600 యంత్రం కోసం ఈ ఆటను విడుదల చేసింది. దీన్ని రాసినవారు డేవిడ్ క్రేన్. ఆట మొత్తం 2 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో ఇమిడిపోయింది. నేడు మన సెల్‌ఫోన్‌లోని ఒక చిన్న బొమ్మ కూడా అంతకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆడే తీరు కూడా సూటిగానే ఉంటుంది. బటన్ నొక్కితే ఇంజన్ వేగం పెరుగుతుంది. జాయ్‌స్టిక్‌ను ఎడమకు వంచితే క్లచ్ పట్టినట్లు, వదిలితే తరువాతి గేరు పడినట్లు. గేర్లు నాలుగు. ఇంజన్‌ను హద్దు మీరి తిప్పితే పేలిపోతుంది, పందెం అక్కడితో సరి. ఎంత తక్కువ సమయంలో గీత దాటితే అంత గొప్ప.

అప్పట్లో యాక్టివిజన్ ఒక పద్ధతి పెట్టింది. 6 సెకన్లలోపు పూర్తిచేసినవారు టీవీ తెరను ఫోటో తీసి పోస్టులో పంపితే చొక్కాకు కుట్టుకునే ఒక గుడ్డ బిళ్ళ బహుమతిగా వచ్చేది. కాబట్టి స్కోరుకు సాక్ష్యం ఒక ఫోటో మాత్రమే. 1982లో టాడ్ రోజర్స్ అనే ఆటగాని 5.51 సెకన్ల సమయాన్ని ఆ సంస్థ గుర్తించింది. తరువాత ట్విన్ గెలాక్సీస్ అనే స్కోరు నమోదు సంస్థ, గిన్నిస్ రికార్డుల సంస్థ కూడా దాన్ని తమ పుస్తకాల్లోకి ఎక్కించాయి. ఒకరు నమ్మారు కాబట్టి మరొకరు నమ్మారు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. మూడు చోట్ల నమోదైనంత మాత్రాన సాక్ష్యాలు మూడు కావు.

ఇక ఆ అంకెను పరీక్షించడం ఎలాగో చూద్దాం. అమెరికా టీవీపై అటారీ సెకనుకు దాదాపు 60 సార్లు తెరను గీస్తుంది. డ్రాగ్‌స్టర్ గడియారం మాత్రం ప్రతి రెండు గీతలకు ఒకసారే కదులుతుంది. ఒక్కో కదలికకు అది 0.0334 సెకను కలుపుతుంది, తెరపై రెండు దశాంశ స్థానాలే చూపుతుంది. మీరే గుణించి చూడండి. 165 కదలికలకు 5.511, అంటే తెరపై 5.51. 166కు 5.54. 167కు 5.57. 168కి 5.61. అంటే ఈ ఆటలో 5.55 గానీ 5.56 గానీ ఎప్పటికీ తెరపై కనిపించవు. ఎవరైనా 5.56 సాధించానని చెబితే వాదన అవసరం లేకుండా తోసిపుచ్చవచ్చు. ఆట అంకెలను ఏ మెట్ల మీద పేరుస్తుందో తెలుసుకోవడమే మొదటి పరీక్ష. 5.51 ఈ పరీక్షలో నెగ్గుతుంది. అది ఉండదగిన అంకే.

రెండవ పరీక్ష కఠినమైనది. ఆ అంకెను చేరుకోవడం సాధ్యమా? 2017లో ఎరిక్ కోజియెల్ అనే ఇంజనీరు ఆట ప్రోగ్రామును యంత్రభాష నుంచి విప్పి, దాని లెక్కలను ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాడు. ప్రతి కదలికలో ఇంజన్ వేగం, గేరు, బండి వేగం, నడిచిన దూరం ఒక్కో వరుసలో వస్తాయి. ఈ ఆటలో పాచికల్లాంటి అదృష్టం లేదు. ఒకే క్షణాల్లో అవే మీటలు నొక్కితే ఎన్నిసార్లయినా అదే ఫలితం. పైగా ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా, బండి వేగం ఒక్కో కదలికలో ఒక పరిమితికి మించి పెరగదు. అందుచేత మనిషి వేలు ఎంత చురుకైనదైనా ప్రోగ్రాము గీసిన గోడ ఒకటి ఉంటుంది. కోజియెల్ లెక్కలో ఆ గోడ 5.57 వద్ద తేలింది. 5.51కీ దానికీ తేడా రెండు కదలికలు, అంటే సెకనులో పదిహేనవ వంతు. వినడానికి చాలా తక్కువ. కానీ ఏ తప్పూ లేని ఆట కూడా అందులో ఒక్క కదలికను సైతం తగ్గించలేకపోయింది.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. స్ప్రెడ్‌షీట్ అసలు యంత్రాన్ని సరిగా అనుకరించకపోతే దాని తీర్పు కూడా తప్పే. అందుకే ఆ మీటల వరుసను నిజమైన అటారీకి ఎలక్ట్రానిక్ పరికరంతో పంపి కూడా చూశారు. అక్కడా 5.57 వచ్చింది. 2018 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ రోజర్స్ స్కోర్లన్నిటినీ పట్టిక నుంచి తొలగించింది. గిన్నిస్ కూడా అదే దారి పట్టింది. రోజర్స్ ఆ నిర్ణయంతో విభేదించారు. ఒక విషయం గమనించండి. ఆ అంకె ఆట నుంచి రాదని లెక్క చెబుతుంది. 1982లో అది ఎలా వచ్చిందో, చదవడంలో పొరపాటా మరొకటా అన్నది లెక్క చెప్పదు.

నేటి ఆటల రూపకర్తలకు ఈ కథ ఎందుకు పనికొస్తుంది? ఇప్పుడు స్కోరు ఫోటోగా రాదు, ఆటగాని కంప్యూటర్ నుంచి సర్వర్‌కు ఒక అంకెగా వెళుతుంది. కానీ ఆ కంప్యూటర్ ఆటగాని చేతిలోనే ఉంది. అతను జ్ఞాపకంలోని అంకెను మార్చవచ్చు, లేదా ఆట ఆడకుండానే సర్వర్‌కు ఒక అబద్ధపు సందేశం పంపవచ్చు. సందేశానికి రహస్య ముద్ర వేస్తే చాలదా అని మీరు అడగవచ్చు. ఆ ముద్ర వేసే తాళం ఆట ప్రోగ్రాములోనే దాగి ఉండాలి. ఓపిక ఉన్నవాడు దాన్ని వెతికి తీస్తాడు. హద్దులు పెట్టి, ఈ దారిలో 40 సెకన్ల కంటే తక్కువ రాదు అని సర్వర్‌లో రాయవచ్చు. అది తెలివితక్కువ మోసగాణ్ణి పట్టుకుంటుంది. 41 సెకన్లు పంపినవాణ్ణి పట్టుకోదు.

అందువల్ల జాగ్రత్తగల రూపకర్తలు అంకెను కాక మీటల చరిత్రను అడుగుతారు. ఏ క్షణంలో ఏ మీట నొక్కాడో ఆ జాబితా సర్వర్‌కు వస్తుంది. సర్వర్ ఆటను తానే మళ్ళీ నడిపి, వచ్చిన స్కోరును పట్టికలో రాస్తుంది. కోజియెల్ స్ప్రెడ్‌షీట్ చేసిన పనికి ఇది దగ్గరి బంధువు. ఆట అన్ని యంత్రాల్లోనూ ఒకేలా లెక్కించాలన్నది దీనికి షరతు. దశాంశాల లెక్క రెండు ప్రాసెసర్లలో కొద్దిగా తేడాపడినా నిజాయితీపరుని పరుగు కూడా తప్పని తేలుతుంది. ఆటను నెమ్మదిగా నడిపి మీటలు నొక్కినవాని జాబితా కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. 2021లో ట్రాక్‌మేనియా కార్ల ఆటలో ఇదే బయటపడింది. దాచి ఉంచిన మీటల జాబితాలను పరిశీలించినప్పుడు, మనిషి చేతికి అసహజమైనంత వేగంగా స్టీరింగ్ అటూ ఇటూ మారిన పరుగులు కొన్ని కనిపించాయి. స్కోర్లన్నీ ఆట నియమాల ప్రకారం సాధ్యమైనవే, వేళ్లు మాత్రం మనిషి వేళ్లలా కదలలేదు.