అద్దె రూ.20 వేలు.. ఓనర్ చేతిలో మిగిలేదెంత? ఫ్లాట్ ఖాళీ అయిన నెలలోనే అసలు లెక్క!

హైదరాబాద్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. నెలకు రూ.20 వేల అద్దె. ఏడాదికి రూ.2.40 లక్షలు వస్తాయని ఓనర్ లెక్కేసుకుంటారు. నెలనెలా డబ్బు పడుతున్నంత కాలం ఆ లెక్క బాగానే ఉంటుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెలలోనే తేడా కొడుతుంది.

ఆ నెలలో ఏం జరుగుతుందో చూద్దాం. రెండు నెలల అడ్వాన్స్ రూ.40 వేలు వెనక్కి ఇవ్వాలి. పెయింటింగ్‌కు రూ.22 వేలు అయిందనుకుందాం. కొత్తవాళ్లను చూపించిన బ్రోకర్‌కు సగం నెల అద్దె, అంటే రూ.10 వేలు. కుళాయిలు, చిన్నాచితకా రిపేర్లకు రూ.5,500. ఇన్నాళ్లూ అద్దెకున్నవాళ్లు కట్టిన రూ.2,500 మెయింటెనెన్స్ కూడా ఇప్పుడు ఓనరే అసోసియేషన్‌కు కట్టాలి. మొత్తం రూ.80 వేలు. వచ్చే అద్దె మాత్రం సున్నా! లోన్ ఉంటే ఈఎంఐ దీనికి అదనం. అగ్రిమెంట్‌లో ముందే రాసుకుంటే పెయింటింగ్ ఖర్చును అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చు. రాసుకోకపోతే అక్కడే గొడవలు మొదలవుతాయి.

ట్యాక్స్ ఎలా లెక్కిస్తారు?

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. పెయింటింగ్, ప్లంబింగ్ బిల్లులు దాచి ట్యాక్స్‌లో చూపిద్దామనుకుంటారు. కానీ ఇంటి అద్దె ఆదాయంలో అవి విడిగా తగ్గవు. వచ్చిన అద్దెలోంచి ఓనర్ ఆ ఏడాది నిజంగా కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. రిపేర్లకు రూపాయి ఖర్చు పెట్టకపోయినా 30 శాతమే, లక్ష పెట్టినా 30 శాతమే. ఆస్తి పన్ను బాకీ పెడితే ఆ ఏడాది దాని మినహాయింపు రాదు. హోమ్ లోన్ వడ్డీ ఉంటే దాని లెక్క వేరే. కొత్త విధానంలో అద్దె ఆదాయం మేరకే వడ్డీ తగ్గుతుంది. నష్టం మిగిలినా జీతంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు.

పై ఫ్లాట్ ఒక నెల ఖాళీగా ఉందనుకుంటే వచ్చిన అద్దె రూ.2.20 లక్షలు. అద్దెకు ఇచ్చే ఇల్లు మధ్యలో ఖాళీగా ఉంటే, ఆ నెల అద్దెకు ట్యాక్స్ పడదు. ఆస్తి పన్ను రూ.6 వేలు పోతే రూ.2.14 లక్షలు. అందులో 30 శాతం, అంటే రూ.64,200 తీసేస్తే ట్యాక్స్ పడేది రూ.1,49,800పైనే. ఓనర్ 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి దాదాపు రూ.31 వేలు కట్టాలి. లోన్ లేదనే అనుకుందాం. అడ్వాన్స్ పక్కన పెట్టినా మిగతా ఖర్చులు రూ.40 వేలు. అన్నీ పోను మిగిలేది సుమారు రూ.1.43 లక్షలు. అంటే నెలకు రూ.12 వేలు కూడా లేదు. ఖాళీ లేకుండా, రిపేర్లు రూ.6 వేలతో గడిచిన ఏడాదిలో అయితే నెలకు రూ.16 వేల దాకా మిగులుతుంది.

ఈ ట్యాక్స్ జీతంలో దానంతటదే కట్ కాదు. అద్దె ఆదాయం ఉందని ఆఫీసులో ముందే చెబితే కట్ చేస్తారు. లేదంటే బాకీ రూ.10 వేలు దాటినప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాల్లో కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటినవారికి ఈ వాయిదాలు ఉండవు.

ఎంత పక్కన పెట్టాలి?

అద్దె కోసం వేరే బ్యాంక్ అకౌంట్ పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. అడ్వాన్స్ రూ.40 వేలను ముట్టుకోకుండా అందులోనే ఉంచాలి. అది ఓనర్ డబ్బు కాదు కదా! ప్రతి నెలా ట్యాక్స్‌కు రూ.3 వేలు, ఆస్తి పన్నుకు రూ.500, రిపేర్లకు రూ.3 వేలు ఆపుకుంటే, ధైర్యంగా ఖర్చు పెట్టుకోగలిగేది రూ.13,500. ఇలా 14 నెలలు ఆపితే మిగతా రూ.40 వేలు కూడా సిద్ధంగా ఉంటాయి.

మరో సంగతి. రూ.వెయ్యి ఎక్కువ అద్దె కోసం ఒక నెల ఖాళీగా ఉంచితే పోయేది రూ.22,500. ఆ వెయ్యితో దాన్ని రాబట్టడానికి దాదాపు 23 నెలలు పడుతుంది. అగ్రిమెంటేమో 11 నెలలకే!

అయితే ఖాళీగా ఉన్న రోజుల్ని ఒక పనికి వాడుకోవచ్చు. కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్‌పై తడి మచ్చ ఉందేమో అడిగి చూడాలి. ఇక్కడ ఎవరూ నీళ్లు వాడకపోయినా ఆ మచ్చ పెరుగుతుంటే నీళ్లొచ్చే పైపులో లీకేజీ అయ్యుండొచ్చు. స్నానం చేసినప్పుడే తడి కనిపించిందంటే టైల్స్ సందులనో, నీళ్లు పోయే జాలీ దగ్గరి జాయింట్‌నో అనుమానించాలి. టైల్స్ సందులు నింపించడం చిన్న పనే. అశ్రద్ధ చేస్తే ఫ్లోర్ మొత్తం పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సి వస్తుంది, అదీ కొత్తవాళ్లు దిగాక.