వాహనంలో పదేపదే పోయే ఫ్యూజు

ఒకే ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందని పెద్ద ఆంపియర్లది వేస్తే, ఈసారి కాలేది వైరే. ముందు అది ఎప్పుడు పోతోందో చూడాలి. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఒక కారుకు టెయిల్ లైట్ల 10 ఆంపియర్ల ఫ్యూజు పోతోందనుకుందాం. స్విచ్ వేసిన క్షణమే పోతే షార్టు. లైట్లు కాసేపు వెలిగాక పోతే, అదే లైను నుంచి తర్వాత తగిలించిన అలంకరణ దీపాల అదనపు భారాన్ని ముందు అనుమానించాలి.

షార్టయితే ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల 21 వాట్ల బల్బు కలిపి, స్విచ్ వేయాలి. కరెంటు రెండు ఆంపియర్లు దాటదు, వైరుకు ప్రమాదం లేదు. బల్బు నిండుగా వెలుగుతుంటే, తర్వాత తగిలించినవి, ఆపైన ఒక్కో హోల్డరు ఊడదీయాలి. ఏది తీస్తే వెలుగు తగ్గిందో దోషం అందులోనే. అన్నీ తీసినా తగ్గకపోతే వైరు బాడీకి తగులుతోంది. డిక్కీ మూత కీలు దగ్గర వైర్ల కట్టను కదిపితే, ఒరిసిన చోట బల్బు మిణుకుమంటుంది. మల్టీమీటరు చాలదా అంటారు. కానీ చల్లని ఫిలమెంటు నిరోధం అతి తక్కువ కాబట్టి, మంచి బల్బు కూడా మీటరులో షార్టులాగే కనబడుతుంది.