ఖాతాలో కోత పడినా బీమా సంస్థకు చేరని ప్రీమియం: పాలసీ నిలుస్తుందా, చెల్లింపును రుజువు చేయడం ఎలా?

బీమా ప్రీమియం చెల్లించేందుకు చివరి రోజున మొబైల్ ఫోన్ ద్వారా ప్రయత్నిస్తే, బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గి, బీమా సంస్థ నుంచి మాత్రం రసీదు రాని సందర్భాలు ఎదురవుతుంటాయి. సొమ్ము ఖాతా నుంచి వెళ్లింది గనుక తన బాధ్యత తీరిందని పాలసీదారు భావిస్తారు. సొమ్ము చేరలేదు గనుక పాలసీ ల్యాప్స్ అయిందని సంస్థ అంటుంది. ఇటువంటి వివాదాల్లో సొమ్ము ఎప్పుడు బయలుదేరిందన్నదే కాక, అది చివరకు ఎవరి వద్దకు చేరిందన్నది కూడా కీలకమవుతుంది.

గడువు తేదీ తరువాత ఎన్ని రోజులు?

జీవిత బీమాలో గడువు తేదీ దాటిన వెంటనే పాలసీ ఆగిపోదు. నెలవారీ ప్రీమియం చెల్లించేవారికి 15 రోజులు, మూడు నెలలకు, ఆరు నెలలకు లేదా ఏడాదికి ఒకసారి చెల్లించేవారికి 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఈ రోజుల్లో రక్షణ కొనసాగుతుంది. పాలసీదారు ఈ వ్యవధిలో మరణిస్తే, చెల్లించవలసిన ప్రీమియాన్ని మినహాయించి మిగిలిన మొత్తాన్ని నామినీకి ఇస్తారు.

ఆరోగ్య బీమాలోనూ 15, 30 రోజుల లెక్కే ఉన్నా దాని ఫలితం వేరు. ప్రీమియాన్ని వాయిదాలుగా చెల్లిస్తున్నవారికి గ్రేస్ పీరియడ్‌లో రక్షణ ఉంటుంది. ఏడాదికి ఒకేసారి చెల్లించే పాలసీని గడువు ముగిశాక 30 రోజుల్లోగా పునరుద్ధరించుకుంటే, అప్పటివరకు పూర్తయిన వేచి ఉండే కాలం వంటి ప్రయోజనాలు పోవు. అయితే గడువు ముగిసిన నాటి నుంచి ప్రీమియం చెల్లించే వరకు మధ్యలో ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చుకు రక్షణ ఉండదు. వాహన బీమాకు గ్రేస్ పీరియడ్ లేదు. పాలసీపై ముద్రించిన చివరి రోజు అర్ధరాత్రి దాటితే ఆ వాహనం బీమా లేనిదే.

సొమ్ము ఎక్కడ ఆగుతుంది?

యూపీఐ చెల్లింపులో పాలసీదారు బ్యాంకు ముందుగా ఖాతా నుంచి సొమ్మును మినహాయిస్తుంది. ఆ తరువాత స్వీకరించే బ్యాంకు జమ చేసినట్లు సమాధానం పంపాలి. ఆ సమాధానం రాకపోయినా, ఆలస్యమైనా తెరపై ‘పెండింగ్’ అని కనిపిస్తుంది. స్వీకరించే బ్యాంకుకు, బీమా సంస్థకు మధ్య సాధారణంగా పేమెంట్ గేట్‌వే అనే మరో అంచె ఉంటుంది. సొమ్ము గేట్‌వేకు చేరినా, ఏ పాలసీ నంబరుకు సంబంధించినదో తెలిపే సమాచారం సంస్థకు అందకపోతే రసీదు రాదు.

పెండింగ్‌లో పడిన చెల్లింపు చివరకు జమ కావచ్చు, లేదా తిరిగి రావచ్చు. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపార సంస్థకు చేసిన చెల్లింపు విఫలమైతే లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతట అదే ఖాతాకు తిరిగి రావాలి. అంతకుమించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఈ నిబంధన ఖాతాదారు సొమ్మును కాపాడుతుంది. పాలసీని కాపాడే బాధ్యత దానికి లేదు. గ్రేస్ పీరియడ్ చివరి రోజున ఈ ఐదు రోజులు వేచి చూడడం వల్లనే ఎక్కువ నష్టం వాటిల్లుతుంది.

నాచ్ మ్యాండేట్ ద్వారా ప్రీమియం చెల్లించేవారి పరిస్థితి వేరు. ఖాతాలో నిల్వ చాలక మ్యాండేట్ తిరస్కరణకు గురైతే సొమ్ము ఖాతా దాటలేదన్నమాట. అక్కడ రుజువు ప్రశ్నే తలెత్తదు. మిగిలిన గడువులోగా వేరే మార్గంలో చెల్లించడం ఒక్కటే దారి.

ఒక ఉదాహరణ

ఏడాదికి 24,000 రూపాయల ప్రీమియం ఉన్న జీవిత బీమా పాలసీని తీసుకుందాం. గడువు తేదీ జూన్ 5. గ్రేస్ పీరియడ్ జూలై 5తో ముగుస్తుంది. పాలసీదారు జూలై 5 రాత్రి 8.40 గంటలకు యూపీఐ ద్వారా చెల్లించారు. ఖాతాలో సొమ్ము తగ్గింది. తెరపై పెండింగ్ అని వచ్చింది. ఆయన వేచి చూశారు. జూలై 10న సొమ్ము తిరిగి వచ్చింది. 11న మళ్లీ చెల్లించబోతే పాలసీ ల్యాప్స్ అయినట్లు, పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలని సంస్థ వెబ్‌సైట్ చూపింది.

ఆయన చేతిలోని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు నమోదులు ఉంటాయి. జూలై 5న 24,000 రూపాయల మినహాయింపు ఒకటి, జూలై 10న అదే మొత్తం జమ మరొకటి. మొదటి నమోదు ఆయన ప్రయత్నించారని నిరూపిస్తుంది. రెండో నమోదు ఆ ప్రీమియం సంస్థ వద్ద నిలవలేదని నిరూపిస్తుంది. ఆలస్య రుసుము మాఫీ కోరడానికో, సానుభూతితో పరిశీలించమని అడగడానికో మొదటిది ఉపకరించవచ్చు గాని, ప్రీమియం చెల్లించినట్లు వాదించడానికి అది చాలదు.

అదే వ్యక్తి ఆ రాత్రి 9.30కి మరో బ్యాంకులోని తన ఖాతా నుంచి నెట్ బ్యాంకింగ్ ద్వారానో, కార్డుతోనో రెండోసారి చెల్లించి రసీదు పొంది ఉంటే పాలసీ నిలిచేది. మొదటి సొమ్ము ఐదు రోజుల్లో తిరిగి వచ్చేది. ఒకవేళ రెండు చెల్లింపులూ సంస్థకు చేరినా, అదనపు మొత్తాన్ని వాపసు కోరవచ్చు. కొన్ని రోజులపాటు 24,000 రూపాయలు చిక్కుకోవడం, ఏళ్ల తరబడి కొనసాగిన పాలసీ ల్యాప్స్ కావడం ఒకే స్థాయి నష్టాలు కావు. అందువల్ల గడువు చివరి రోజున పెండింగ్ కనిపిస్తే, అర్ధరాత్రికి ముందే వేరే మార్గంలో మళ్లీ చెల్లించడం క్షేమం. వాహన బీమాకు ఇది మరింతగా వర్తిస్తుంది.

ల్యాప్స్ అయిన పాలసీని జీవిత బీమాలో ఐదేళ్లలోగా, యూనిట్ లింక్డ్ పాలసీ అయితే మూడేళ్లలోగా పునరుద్ధరించుకునే వీలుంది. అయితే సంస్థ ఆరోగ్య ప్రకటననో, వైద్య పరీక్షలనో కోరవచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, తప్పుడు వివరాల కారణంగా పాలసీని ప్రశ్నించేందుకు సంస్థకు ఉన్న మూడేళ్ల వ్యవధి పునరుద్ధరణ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. మధ్యలో జరిగిన ప్రమాదానికి పునరుద్ధరణ వర్తించదు. ఎల్‌ఐసీ పాలసీకి సంబంధించిన ఒక కేసులో ప్రీమియం బకాయి ఉండగా ప్రమాదం జరిగింది. ఆ తరువాత ప్రీమియం చెల్లించారు. ప్రమాద ప్రయోజనం కోరిన క్లెయిమ్‌ను సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 29న తిరస్కరించింది. ప్రమాదం జరిగిన రోజున పాలసీ అమలులో లేకపోవడమే అందుకు కారణం.

ఏది రుజువు, ఏది కాదు?

ఫోన్ తెరను ఫొటో తీసుకోవడం ఆరంభం మాత్రమే. అది ప్రయత్నాన్ని చూపుతుంది గాని, సొమ్ము ఎక్కడికి చేరిందో చెప్పదు. ప్రతి యూపీఐ లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ సంఖ్య ఉంటుంది. దాన్ని పాలసీ నంబరుతో కలిపి, అదే రాత్రి బీమా సంస్థకు ఈమెయిల్ పంపితే తేదీ, సమయం నమోదవుతాయి. మరుసటి రోజు ఆ సంఖ్యను ఉటంకిస్తూ బ్యాంకును ఒక్క ప్రశ్న లిఖితపూర్వకంగా అడగాలి: ఈ సొమ్ము స్వీకరించే బ్యాంకులో జమ అయిందా, అయితే ఏ తేదీన? జమ అయిందని బ్యాంకు రాసి ఇస్తే, వివాదం పాలసీదారుకు అనుకూలంగా మలుపు తిరిగే అవకాశముంది.

తిరిగి వచ్చిన సొమ్ములోనూ ఒక భేదాన్ని గమనించాలి. విఫలమైన లావాదేవీ సొమ్ము సాధారణంగా పాత రిఫరెన్స్ సంఖ్యతోనే రివర్సల్‌గా నమోదవుతుంది. అంటే సంస్థకు చేరనేలేదు. సంస్థ స్వీకరించి ఆ తరువాత వాపసు చేస్తే, సాధారణంగా సంస్థ పేరుతోనో, గేట్‌వే పేరుతోనో కొత్త సంఖ్యతో వస్తుంది. ఈ రెండో సందర్భంలో వాపసే, సొమ్ము ఒకప్పుడు అందిందనడానికి ఆధారం. అందిన తేదీ గ్రేస్ పీరియడ్‌లో ఉంటే, ఏ కారణంతో వాపసు చేశారో సంస్థను లిఖితపూర్వకంగా అడగాలి.

సొమ్ము గేట్‌వే వద్దే ఆగి ఉంటే, దాన్ని ఎంచుకున్నది బీమా సంస్థే గనుక అక్కడికి చేరడమే చెల్లింపు అని వాదించవచ్చు. ఉద్యోగుల జీతం నుంచి యాజమాన్యం మినహాయించి ఎల్‌ఐసీకి జమ చేయని ప్రీమియం విషయంలో, యాజమాన్యం ఎల్‌ఐసీ ఏజెంటుగా వ్యవహరించినట్లేనని సుప్రీంకోర్టు 1999లో పేర్కొంది. అది జీతపు పొదుపు పథకానికి సంబంధించిన తీర్పు. గేట్‌వేల విషయంలో దాన్ని పోలికగా చూపవచ్చు గాని, సూటిగా వర్తించే తీర్పుగా చెప్పడం సరికాదు.

వ్యవహారం న్యాయస్థానం వరకు వెళితే, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చే స్టేట్‌మెంట్ తీసుకోవాలి. సందేశాలు, తెరచిత్రాల వంటి ఎలక్ట్రానిక్ ఆధారాలకు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. అందువల్ల ఆ సందేశాలు వచ్చిన ఫోన్‌ను, అసలు సందేశాలను భద్రపరచుకోవాలి.

ఎవరిని ఆశ్రయించాలి?

సొమ్ము తిరిగి రాకపోవడం బ్యాంకుకు సంబంధించిన ఫిర్యాదు. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. పాలసీని ల్యాప్స్‌గా చూపడం బీమా సంస్థకు సంబంధించిన ఫిర్యాదు. ఈ రెంటినీ ఒకే లేఖలో కలిపితే ఒకరు మరొకరి వైపు చూపే అవకాశముంది.

బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి చెందిన ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు రుసుము లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఆదేశించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసులకు హైదరాబాద్ కార్యాలయం ఉంది. ఇతర రాష్ట్రాల్లో నివసించే తెలుగువారు తమ నివాస ప్రాంతపు కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. ఫిర్యాదుకు పాలసీ నకలు, రిఫరెన్స్ సంఖ్య, బ్యాంకు లిఖితపూర్వక సమాధానం, అదే రాత్రి పంపిన ఈమెయిల్ జతచేయాలి.