నాణెం నుంచి తంతువు దాకా: వక్రీభవన నియమం నడిచిన దారి

దేవరాపల్లి దగ్గర శారదా నదిపై ఉన్న రైవాడ జలాశయం గట్టున నిలబడి తేటనీటిలోకి నిట్టనిలువుగా చూశారనుకోండి. అడుగున ఉన్న రాయి 1.5 మీటర్ల లోతులో ఉన్నట్లు కనిపిస్తే, అది నిజానికి 2 మీటర్ల లోతులో ఉంటుంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 4/3 కాబట్టి, నిజ లోతును 4/3తో భాగిస్తే దృశ్య లోతు వస్తుంది. ఈ సూత్రం నిలువుగా చూసినప్పుడే వర్తిస్తుంది. ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే అడుగు ఇంకా పైకి వచ్చినట్లు తోస్తుంది. ఈత రానివారు మోకాలి లోతే అనుకుని దిగి మునిగిపోవడానికి ఇదొక కారణం.

ఈ భ్రమను కొలతగా మార్చిన తొలివారిలో అలెగ్జాండ్రియాకు చెందిన టోలెమీ ఒకడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆయన పాత్ర అడుగున నాణెం ఉంచి, అంచు అడ్డువచ్చి అది కనిపించని చోట నిలబడి, నీళ్లు పోస్తే నాణెం ఎలా కనబడుతుందో వివరించాడు. గాలి నుంచి నీటిలోకి పోయే కిరణానికి 10° నుంచి 80° వరకు పతన, వక్రీభవన కోణాల పట్టిక కూడా ఇచ్చాడు. ఆ పట్టికలో 60° పతన కోణానికి వక్రీభవన కోణం 40.5°. నేటి లెక్క కూడా అంతే. కాని 80° దగ్గర ఆయన 50° అన్నాడు, నిజానికి అది సుమారు 47.6°. పట్టికలోని వరుస కోణాల మధ్య తేడాలను చూడండి: 7.5, 7, 6.5, 6, 5.5, 5, 4.5. ప్రతి మెట్టుకూ సరిగ్గా అర డిగ్రీ చొప్పున తగ్గుతున్నాయి. నిజమైన కొలతలు ఇంత చక్కగా పడవు. ముందే అనుకున్న ఒక క్రమానికి సరిపోయేలా ఆయన కొన్ని అంకెలను సవరించాడని చరిత్రకారులు అందుకే భావిస్తారు.

లోపించింది సైన్ నిష్పత్తి. బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ 984 ప్రాంతంలో దీనికి సమానమైన జ్యామితీయ నియమాన్ని వాడాడు. 1621లో నెదర్లాండ్స్‌కు చెందిన స్నెల్ దీన్ని మళ్ళీ కనుగొన్నాడు గాని ప్రచురించలేదు. 1637లో డెకార్ట్ ముద్రించాడు. నేటి రూపం ఇది:

n₁ sin i = n₂ sin r

మీ ప్రయోగశాలలోని గాజు దిమ్మెతో ఈ నియమాన్ని పరీక్షించవచ్చు. దిమ్మె మందం 6 సెం.మీ., గుణకం 1.5, పతన కోణం 60° అనుకుందాం. sin r = 0.866/1.5 = 0.577 కాబట్టి r సుమారు 35.3°. రెండో ముఖం మొదటిదానికి సమాంతరంగా ఉన్నందున కిరణం లోపల వంగినంతా బయటికి వస్తూ తిరిగి సరిచేసుకుంటుంది. అంటే బహిర్గత కిరణం 60° కోణంలోనే వస్తుంది, కాని పక్కకు జరిగి వస్తుంది. ఈ పార్శ్వ విస్థాపనం:

d = t sin(i − r) / cos r = 6 × 0.4185 / 0.8165 ≈ 3.1 సెం.మీ.

ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పతన కిరణాన్ని ముందుకు పొడిగించి, అది రెండో ముఖాన్ని తాకిన బిందువు నుంచి బహిర్గత బిందువు వరకు ముఖం వెంబడే స్కేలు పెడతారు. అప్పుడు 6.15 సెం.మీ. వస్తుంది. కొలవవలసింది రెండు సమాంతర రేఖల మధ్య లంబ దూరం. ముఖం వెంబడి దూరాన్ని cos 60°తో గుణిస్తే 3.1 వస్తుంది కాబట్టి, మీ పొరపాటును మీరే పట్టుకోవచ్చు. బహిర్గత కిరణం పతన కిరణానికి సమాంతరంగా రాకపోతే, గుండుసూదులు వాలి ఉన్నాయేమో, గీసిన సరిహద్దు నుంచి దిమ్మె కదిలిందేమో చూడండి.

ఇప్పుడు రెండో ముఖం సమాంతరంగా కాక, మొదటిదానికి లంబంగా ఉంటే? దృశా తంతువులో జరిగేది ఇదే. కాంతి కొనలోంచి లోపలికి వచ్చి పక్కగోడను తాకుతుంది. కొన దగ్గర వక్రీభవన కోణం r అయితే, గోడ దగ్గర పతన కోణం 90° − r. ఇది సందిగ్ధ కోణాన్ని మించితే సంపూర్ణాంతర పరావర్తనం జరిగి కాంతి లోపలే ఉంటుంది. కొన దగ్గర ఎంత ఏటవాలుగా వచ్చినా లోపలే నిలిచే గరిష్ఠ కోణమే స్వీకార కోణం.

1.48 గుణకం గల గాజు తంతువు, ఏ పూతా లేకుండా గాలిలో ఉందనుకోండి. దాని సందిగ్ధ కోణం సుమారు 42.5°. కొనలో ఏ దిశ నుంచి కాంతి వచ్చినా r విలువ 42.5° దాటదు. కాబట్టి గోడ దగ్గర కోణం కనీసం 47.5° ఉంటుంది. అంటే కొనపై పడిన కాంతి అంతా చిక్కుకుంటుంది! కాగితం మీద ఇంతకంటే మంచి తంతువు ఉండదు. ఆచరణలో మాత్రం వేలిముద్రలోని నూనె అంటినా, పక్క తంతువు తాకినా, గాజు వెలుపల ఉన్నది ఇక గాలి కాదు. అక్కడ కాంతి కారిపోతుంది. కట్టగా పేర్చితే ఒకదానిలోని కాంతి మరొకదానిలోకి దూరుతుంది.

1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు ప్రచురించింది. లండన్‌లో పనిచేస్తున్న హాప్కిన్స్, పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ పూత లేని తంతువుల కట్ట ద్వారా ప్రతిబింబాన్ని పంపారు. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీల్ తంతువుకు తక్కువ గుణకం గల పూత వేయాలన్నాడు. 1956లో మిషిగన్‌లో లారెన్స్ కర్టిస్ గాజు కడ్డీని తక్కువ గుణకం గల గాజు గొట్టంలో పెట్టి, రెంటినీ కలిపి కరిగించి సాగదీశాడు. లోపలిది కోర్, పైది క్లాడింగ్. పరావర్తనం జరిగే సరిహద్దు ఇప్పుడు గాజు లోపలే ఉంది, దాన్ని ఏ చేయీ తాకలేదు.

దీనికి చెల్లించిన మూల్యం ఎంతో చూద్దాం. కోర్ గుణకం 1.48, క్లాడింగ్ గుణకం 1.46 అనుకోండి.

sin θ = √(n₁² − n₂²) = √(2.1904 − 2.1316) = 0.2425

θ సుమారు 14°. అన్ని దిక్కుల కాంతినీ అంగీకరించిన తంతువు ఇప్పుడు అక్షానికి 14° లోపల వచ్చిన కాంతినే నిలుపుకుంటుంది. మిగతాది క్లాడింగ్‌లోకి పోయి వృథా అవుతుంది. దూరం చేరాలంటే కొంత కాంతిని మొదట్లోనే వదులుకోక తప్పలేదు.

2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ కేబుళ్లను చాలావరకు కరెంటు స్తంభాల మీదే లాగారు. మీ ఊరి స్తంభం మీది అలాంటి కేబుల్‌ను మరీ మెలితిప్పి వంచితే, వంపు దగ్గర కాంతి గోడను తాకే కోణం సందిగ్ధ కోణం కంటే తగ్గి బయటికి కారుతుంది. అయితే ఒక పరిమితి గుర్తుంచుకోండి. దూర ప్రసారానికి వాడే ఏకరీతి తంతువులో కోర్ వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లే. అది కాంతి తరంగదైర్ఘ్యానికి కొద్ది రెట్లు మాత్రమే కాబట్టి, అక్కడ కిరణ చిత్రం ఉజ్జాయింపు మాత్రమే. ఖచ్చితమైన లెక్కకు తరంగ సిద్ధాంతం కావాలి.

మీరే చేసి చూడండి: పై తంతువు కొనను గాలిలో కాక 4/3 గుణకం గల నీటిలో ముంచితే స్వీకార కోణం ఎంత? 0.2425ను 4/3తో భాగించండి. సుమారు 10.5° రావాలి.